కొంగు రెండో కార్డులో ఎందుకుండాలి?

*నమస్తే అండీ. మాది తెనాలి. మంగళగిరి మగ్గాల దగ్గర కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ తీసుకొచ్చి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో వేలితో పక్కకి జరిపి చూసే పది కార్డుల క్యారొసెల్ యాడ్ పెట్టాను, రోజుకి 350 రూపాయలు, పన్నెండు రోజులు. మొదటి కార్డు ఆరు చీరల కొలాజ్, దాని మీద మా లోగో. తర్వాత ఏడు చీరలు, ఒక డ్రెస్ మెటీరియల్, చివర థాంక్యూ కార్డు. మొదటిదానికి 61 క్లిక్కులు, రెండోదానికి 22, మూడోదానికి 14, మిగతా ఏడింటికీ కలిపి 9. మూడు దాటి ఎవరూ చూడట్లేదు. ఏ ఫోటో తర్వాత ఏది పెట్టాలి? ధర ముందే చెప్పాలా, చివర్లోనా? చిన్న వెబ్‌సైట్ కూడా పెట్టాం. కేటలాగ్ యాడ్ చేస్తే వరుస గొడవే ఉండదంటున్నారు, నిజమేనా? మావారేమో మొదటే వీడియో పెట్టమంటున్నారు.*
*— ఒక పాఠకురాలు, తెనాలి*

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. కార్డుల వారీగా మీకు కనిపిస్తున్నవి క్లిక్కులు. ఎవరు ఎన్నో కార్డు దాకా వేలితో జరిపారన్నది ఆ పట్టికలో ఉండదు. ఆరు కార్డులు చూసి, వెనక్కి వచ్చి, మొదటిదాని మీద నొక్కినావిడ కూడా ఆ 61లోనే లెక్క. కాబట్టి మూడు దాటి ఎవరూ చూడట్లేదని ఆ అంకెలు చెప్పడం లేదు. మూడు దాటాక నొక్కాలనిపించేది పెద్దగా లేదని మాత్రం చెబుతున్నాయి. ఈ రెంటికీ మందు వేరు వేరు.

ఇంకో సంగతి. క్యారొసెల్ తయారు చేసేటప్పుడు, బాగా నడిచే కార్డును ముందుకు తెచ్చి చూపించే ఆప్షన్ ఒకటి ఉంటుంది. దాని పేరు, చోటు అప్పుడప్పుడూ మారుతుంటాయి కానీ యాడ్ సెట్టింగుల్లో కార్డుల దగ్గర వెతికితే దొరుకుతుంది. అది ఆన్‌లో ఉంటే మీరు మూడో కార్డు అనుకుంటున్న చీర కొందరికి మొదటే కనపడి ఉంటుంది. అప్పుడు ఆ 14 క్లిక్కులు చీరవే తప్ప మూడో స్థానానివి కావు. వరుస గురించి ఏమైనా తెలుసుకోవాలంటే ముందు దాన్ని ఆపాలి.

దీన్ని మరిచిపోయి నేనే ఒకసారి నవ్వులపాలయ్యాను. ఒక చీర కొంగును పొడవుగా పరిచి ఒకే ఫోటో తీసి, దాన్ని రెండు కార్డులుగా కోసి పెట్టాను. మొదటి కార్డులో మనిషి, భుజం మీంచి కొంగు కుడివైపుకి వెళ్తుంది, రెండో కార్డులో ఆ కొంగు చివర. చూడ్డానికి భలే ఉంది. ఆప్షన్ ఆన్‌లో ఉంది. రెండో రోజుకి చాలామందికి కొంగు ముందు, మనిషి తర్వాత వస్తున్నాయి. ఎడమవైపు తెగిన గుడ్డముక్క ఒకటి, దాని పక్కన చెయ్యి చాచుకుని నిలబడ్డ అమ్మాయి. షాపు ఆయన ఫోన్ చేసి, "ఏమ్మా, మా చీర చింపేశావా?" అన్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. నాకు కార్డుల వరుస నేర్పింది కంప్యూటర్ కాదు, మా మేనమామ చీరల కొట్టులో తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు చూపించే ఒక పెద్దాయన. వచ్చినవాళ్ళని ఆయన మొదట అడిగేది రేంజ్ ఎంతలో అని. తర్వాత ఒక చీర మడతతోనే ముందు పెట్టేవాడు. వాళ్ళ చెయ్యి దాని మీద పడిందంటే మాట్లాడకుండా కొంగు విప్పి పరిచేవాడు. ఆ తర్వాత అంచు మీద వేలు పెట్టి చూపించేవాడు. చివర్లో, వాళ్ళు అడగబోతుండగా, "రంగులున్నాయమ్మా" అంటూ నాలుగు మడతలు వరసగా పడేసేవాడు. ఏ దశలోనూ తనకి తోచింది చూపించలేదాయన. ఎదుటి మనిషి మనసులో అప్పటికి ఏ ప్రశ్న ఉందో దానికి జవాబు చూపించాడు. క్యారొసెల్ కూడా అంతే. ప్రతి కార్డూ ముందు కార్డు పుట్టించిన ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఇంకో ప్రశ్న మిగల్చాలి.

ఈ లెక్కన మీ మొదటి కార్డు చూడండి. ఫోన్‌లో మూడంగుళాల చోటులో ఆరు చీరలు. దేని అంచూ తెలియదు, దేని కొంగూ తెలియదు. అయినా ఆరు రంగులు అక్కడే అయిపోయాయి కాబట్టి పక్కకి జరిపితే కొత్తగా ఏం వస్తుందన్న ఆశ లేదు. 61 సార్లు నొక్కారంటే మీ చీరలంటే ఆసక్తి ఉంది, కాదనను. కానీ వాళ్ళు ఏ చీర చూసి నొక్కారో మీకూ తెలియదు, వాట్సాప్‌లోకి వచ్చాక వాళ్ళకీ తెలియదు. అందుకే "ఉన్నవన్నీ పెట్టండి" అన్న మెసేజ్‌లు మీకు ఎక్కువ వస్తుంటాయని నా అనుమానం. కొలాజ్ తీసెయ్యండి. లోగో ఫోటో మీద అక్కర్లేదు, మీ పేజీ పేరు, బొమ్మ యాడ్ పైన ఎలాగూ కనపడతాయి. థాంక్యూ కార్డు కూడా తీసెయ్యండి. కొనకముందే థాంక్యూ ఏమిటి?

తర్వాత మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ క్యారొసెల్ ఒక్క చీరని విప్పి చూపించేదా, లేక ఒకే మాట మీద పది చీరలు చూపించేదా? మీది రెండూ కలిసిపోయింది, పైగా మధ్యలో డ్రెస్ మెటీరియల్ దూరింది. చీర కోసం జరుపుతున్న వేలికి డ్రెస్ మెటీరియల్ తగలగానే, చీరలైపోయాయి కాబోలు అనుకుని ఆగిపోతుంది. దానికి వేరే యాడ్ చెయ్యండి. దాని ప్రశ్నలూ వేరే. అక్కడ టాప్ కంటే ముందు దుపట్టా ఎలా ఉందని చూస్తారు.

ఒక్క చీర యాడ్ ఎలా పేర్చాలో మీ సరుకుతోనే చెబుతాను. నెమలి కంఠం రంగు మంగళగిరి కాటన్, నిజాం బార్డర్, ధర 1,650 అనుకుందాం.

మొదటి కార్డు కట్టుకున్న మనిషి. మోడల్ అక్కర్లేదు, మీ చెల్లెలో మరదలో చాలు. ముఖం చూపించడం ఇష్టం లేకపోతే మెడ నుంచి కిందికి తియ్యండి, కానీ కుచ్చిళ్ళ కింద అంచు మాత్రం తెగకూడదు. మనిషిని ఫోటోకి కాస్త ఎడమగా నిలబెట్టి, కొంగు కుడివైపు ఫోటో అంచు దాకా వెళ్ళి తెగిపోయేట్టు తియ్యండి. దీనికి కారణం ఉంది. ఫేస్‌బుక్ ఫీడ్‌లో పక్క కార్డు కొంచెం తొంగి చూస్తుంటుంది కాబట్టి ఇంకా ఉందని తెలిసిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అలా ఉండదు. కార్డు తెర వెడల్పంతా ఆక్రమిస్తుంది, కింద చిన్న చుక్కలు తప్ప పెద్దగా ఆనవాలు ఉండదు. అక్కడ పక్కకి జరపమని చెప్పాల్సింది ఆ తెగిన కొంగే. ఫోటో మీద బాణం గుర్తు పెట్టి "స్వైప్ చెయ్యండి" అని రాసేవాళ్ళున్నారు. పని చెయ్యదని కాదు, చీర మీద బాణం గీస్తే నాకు మనసొప్పదు.

రెండో కార్డు మొత్తం పరిచిన కొంగు. చీర కట్టుకున్న మనిషిని చూడగానే మన ఆడవాళ్ళకి వచ్చే మొదటి ప్రశ్న కొంగు ఎలా ఉందనే. మంగళగిరి చీరకి ఇది ఇంకా నిజం. సంప్రదాయంగా ఆ చీర ఒళ్ళు సాదాగా ఉంటుంది, అందమంతా అంచులోనూ కొంగులోనూ పెడతారు. రెండో కార్డులో ఒంటి గుడ్డ క్లోజప్ పెడితే కనపడేది ఒక రంగు పలక, అంతే. మీ పాత యాడ్‌లో ఒకటి రెండు చోట్ల ఇదే జరిగి ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ అయినా, ఉప్పాడ జాందానీ అయినా, పెడన కలంకారీ అయినా నేను ఈ వరుస చెప్పను. వాటి పనితనం ఒంట్లోనే ఉంది కాబట్టి రెండో కార్డుగా ఒళ్ళే రావాలి.

ఈ కొంగు ఫోటో తనంతట తాను నిలబడేలా ఉండాలి. ఇదే వరుసని మీరు యాడ్‌గా కాకుండా మామూలు ఇన్‌స్టా పోస్టుగా కూడా పెడతారు కదా. అక్కడ మొదటి ఫోటో చూసి జరపకుండా వెళ్ళిపోయినవాళ్ళకి, అదే పోస్టును ఇన్‌స్టా కొన్నిసార్లు మళ్ళీ తెచ్చి రెండో ఫోటోతో చూపిస్తుంది. ఆ మనిషికి మీ రెండో కార్డే మొదటిదన్నమాట. నేను చేసినట్టు ఒక ఫోటోని రెండుగా కోస్తే, ఆవిడకి తెగిన గుడ్డముక్కే కనపడుతుంది. మొదటిదాంట్లో కొంగు తెగినా ఫర్వాలేదు, రెండోదాంట్లో మాత్రం పూర్తిగా, వేరే ఫోటోగా ఉండాలి. ఇంకో చిన్న మాట. మామూలు పోస్టులో మొదటి ఫోటో ఏ కొలతలో ఉంటే మిగతావన్నీ ఆ కొలతకే కత్తిరిస్తారు. మొదటిది చదరం, రెండోది నిలువు అయితే కొంగు కిందా పైనా పోతుంది. అన్నీ 1080 × 1080 చదరంగా తీసి పెట్టుకుంటే యాడ్‌కీ పోస్టుకీ సరిపోతాయి.

మూడో కార్డు అంచు. దగ్గరగా, పక్కన వేలో రూపాయి బిళ్ళో పెట్టి తియ్యండి. బార్డర్ రెండంగుళాలా నాలుగంగుళాలా అన్నది ఏ వర్ణనా చెప్పలేదు, వేలు చెబుతుంది. జరీ మెరుపు కోసం ఫ్లాష్ వాడకండి. తెల్లగా కొట్టుకుపోయి ప్లాస్టిక్ రిబ్బన్‌లా కనపడుతుంది. కిటికీ పక్కన, పొద్దున పూట, ఎండ నేరుగా పడని చోట తీస్తే దారం దారంగా తెలుస్తుంది.

నాలుగో కార్డు మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దాదాపు ఎవరూ దీన్ని పెట్టరు. కాటన్ చీర కొనేవాళ్ళ లోపలి భయం రెండు ముక్కలు: గుడ్డ మరీ పల్చనా, రంగు నిజంగా ఇదేనా. షాపులో అయితే చీర పొర కింద చెయ్యి పెట్టి చూస్తారు. మీరు కూడా అదే చెయ్యండి. ఒక పొర కింద అరచెయ్యి పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఫోటో తియ్యండి. చెయ్యి కనపడితే కనపడనివ్వండి. దాచి అమ్మితే పార్సిల్ విప్పాక "ఫోటోలో ఇలా లేదు" అన్న వాయిస్ మెసేజ్ వస్తుంది, ఆ టెన్షన్ కంటే ఇది నయం. రంగుకి కూడా ఈ కార్డే సాక్ష్యం. నెమలి కంఠం రంగును ఫోన్ కెమెరా ఒకసారి ఉత్త నీలంగా, ఇంకోసారి ఆకుపచ్చగా చూపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద అయితే చెప్పక్కర్లేదు. తీసిన ఫోటోని చీర పక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే వెలుతురు మార్చి మళ్ళీ తియ్యండి. ఫిల్టర్ ముట్టుకోవద్దు.

ఐదోది బ్లౌజు పీసు. రన్నింగా, కాంట్రాస్టా, చేతులకి అంచు వస్తుందా అన్నది ఒక్క ఫోటోలో తేలిపోవాలి. ఇక ఆరోది మా పెద్దాయన చివర్లో పడేసిన మడతలు: అదే చీర, ఉన్న రంగులన్నీ, వరసగా. దీన్ని మొదట పెడితే కొలాజ్ అయ్యేది. చివర పెడితే, "చీర నచ్చింది కానీ ఆ రంగు నాకు ఉంది" అనుకుంటున్న మనిషికి జవాబవుతుంది. నా అనుభవంలో ఒక్క చీర యాడ్‌లో చివరి కార్డుకి క్లిక్కులు మళ్ళీ కాస్త లేచేది ఇక్కడే.

ఆరుతో ఆపెయ్యండి. యాడ్‌లో పది కార్డుల దాకా పెట్టొచ్చన్నారని పదీ నింపాలని లేదు. ఏడోది పెట్టాలనిపిస్తే, అది ఏ ప్రశ్నకి జవాబో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే వద్దు.

ధర సంగతి. ఫేస్‌బుక్‌లో ఫోటో కింద ప్రతి కార్డుకీ హెడ్‌లైన్ ఉంటుంది కదా, అక్కడ మొదటి కార్డు నుంచే ధర రాయండి. "ధర ఇన్‌బాక్స్‌లో" అనడం నాకు మొదటి నుంచీ నచ్చదు. రేంజ్ అడగకుండా చీర విప్పని కొట్టులో పెరిగినదాన్ని. ధర దాచితే మెసేజ్‌లు ఎక్కువ వస్తాయి, నిజమే. వాటిలో చాలావరకు "ఎంత?" అని అడిగి, మీరు చెప్పాక మాయమయ్యేవే. రోజుకి 350 పెట్టి వాటిని కొనుక్కోవడం దేనికి?

ఒక్క విషయంలో మాత్రం హెడ్‌లైన్ సరిపోదు. మన కస్టమర్లు లింకు పట్టుకుని రారు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టి "ఇది ఉందా" అంటారు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు కింద హెడ్‌లైన్ తెగిపోవచ్చు. అందుకని ప్రతి ఫోటో మూలలోనూ చిన్న అక్షరాల్లో కోడ్, ధర రెండూ ఉండాలి: "14 – ₹1,650". చీర మీద కాదు, పక్కన గోడ ఉన్న చోట. దీనివల్ల ఇంకో లాభముంది, చివర చెబుతాను.

ఇప్పుడు పది చీరల క్యారొసెల్. అది పెట్టొద్దనడం లేదు. కానీ అన్నిటినీ కలిపే దారం ఒకటుండాలి, అది మొదటి కార్డులోనే తెలియాలి. "1,650లో ఏడు రంగులు" ఒక దారం. "వరలక్ష్మీ వ్రతానికి పసుపు, ఎరుపు, పచ్చ" ఇంకో దారం. "ఆఫీసుకి కట్టుకునే సన్న అంచులు" మరొకటి. దారం తెలిస్తే తర్వాత ఏమొస్తుందో సగం ఊహ ఉంటుంది, ఆ ఊహే వేలిని జరిపిస్తుంది.

ఈ రకంలో వరుస అంటే రంగుల వరుసే. అన్నీ ఒకే చోట, ఒకే నిలుపులో, ఒకే దూరం నుంచి తియ్యండి. అప్పుడు కార్డు జరిపినప్పుడల్లా చీర మాత్రమే మారినట్టు అనిపిస్తుంది, కంటికి అదో ఆట. ఇక పక్కపక్క కార్డుల్లో దగ్గరి రంగులు పెట్టకండి. వంకాయ రంగు పక్కన రాణి రంగు, దాని పక్కన మెరూన్ వస్తే, వేగంగా జరిపేవాళ్ళకి మూడూ ఒకటే. కార్డు మారలేదేమో అనుకుంటారు కూడా. మామిడిపండు రంగు పక్కన ముదురు నీలం, తర్వాత కనకాంబరం, తర్వాత చిలకపచ్చ, ఇలా ఎగుడుదిగుడుగా ఉండాలి. ఫేస్‌బుక్‌లో పక్క కార్డు తొంగి చూస్తుందన్నాను కదా, అక్కడ మొదటి కార్డు పక్కన కనపడే ఆ సన్నటి పట్టీ వేరే రంగులో మెరిస్తేనే కన్ను అటు వెళ్తుంది. మీకు బాగా అమ్ముడుపోయే రెండు రంగుల్లో ఒకటి మొదట, రెండోది నాలుగో చోట పెట్టండి. రెండూ మొదట్లోనే పెట్టేస్తే తర్వాతవి తేలిపోతాయి. ధరలు వేరు వేరైతే మధ్య రేంజ్‌తో మొదలుపెట్టడం నా అలవాటు. మరీ తక్కువది మొదట పెడితే తర్వాత వచ్చే ప్రతి కార్డూ ధర పెంచుతున్నట్టు ఉంటుంది.

కేటలాగ్ యాడ్‌లో వరుస గొడవ ఉండదన్నది సగం నిజం. అక్కడ ఎవరికి ఏ చీర ముందు చూపించాలో సిస్టమే నిర్ణయిస్తుంది. మీ వెబ్‌సైట్‌లో ఎవరు ఏం చూశారు, ఎవరి ఆసక్తి ఎటుందన్నదాన్ని బట్టి మనిషికో రకంగా పేరుస్తుంది. మీ వెబ్‌సైట్ కొత్తది. వచ్చిపోయేవాళ్ళు తక్కువగా ఉన్నప్పుడు దానికి తెలిసేదీ తక్కువే. అందుకే ఇప్పుడు చేత్తో పేర్చిన క్యారొసెల్ మీద డబ్బు పెట్టండి. వెబ్‌సైట్‌కి జనం రావడం మొదలయ్యాక, చూసి కొనకుండా వెళ్ళినవాళ్ళ కోసం కేటలాగ్ యాడ్ పెడితే దానికో అర్థముంటుంది.

అప్పుడు వరుస మీ చేతిలో లేకపోయినా మూడు సంగతులు మీ చేతిలోనే ఉంటాయి. మొదటిది, ఏ చీరలు ఆ గంపలో వెయ్యాలన్నది. దాన్ని ప్రోడక్ట్ సెట్ అంటారు. కేటలాగ్ మొత్తం వదిలేస్తే చీర పక్కన డ్రెస్ మెటీరియల్, 900 పక్కన 4,000 వస్తాయి. కేటలాగ్‌కి చీరల వివరాలు ఎక్కించే ఫైల్‌లో `custom_label_0` అనే గడి మీకోసమే ఖాళీగా ఉంటుంది. అందులో మీ దారం పేరు రాసి, ఆ పేరున్నవాటితోనే సెట్ చేసుకోవచ్చు. కొన్ని గడులు మాత్రమే చూపిస్తున్నాను:

```
id,title,availability,price,custom_label_0
14,"నెమలి కంఠం రంగు, నిజాం బార్డర్",in stock,1650.00 INR,vratam
15,"కనకాంబరం, సన్న జరీ అంచు",out of stock,1650.00 INR,vratam
```

చేనేతలో ఒక్కో రంగుకి ఒకటి రెండు పీసులే ఉంటాయి కాబట్టి, అమ్మిన రోజే `out of stock` అని మార్చడం మరిచిపోకండి. మారిస్తే ఆ చీర యాడ్‌లో రావడం ఆగిపోతుంది. మార్చకపోతే లేని చీర కోసం డబ్బు కడుతూ, అడిగినవాళ్ళకి సారీ చెబుతూ కూర్చుంటారు.

రెండోది పేరు. అన్నీ "మంగళగిరి ప్యూర్ కాటన్ హ్యాండ్లూమ్ శారీ" అనే మొదలైతే, కార్డు కింద చోటు అక్కడికే అయిపోయి అన్ని కార్డుల కిందా ఒకే మాట కనపడుతుంది. పైన రాసినట్టు తేడా చెప్పే మాట ముందు రావాలి. మంగళగిరి అన్నమాట యాడ్ పైన రాసే వాక్యంలో ఒకసారి చాలు.

మూడోది ఫోటో. ఇక్కడ ఒక చీరకి ఒకటే కార్డు, కాబట్టి కొంగు రెండో కార్డులో చూపిద్దామన్న ఎత్తు పారదు. కట్టిన మనిషి పక్కకి కొంగు పట్టుకుని నిలబడ్డ ఫోటో అయినా, మడత మీద కొంగూ అంచూ రెండూ కనపడేలా పరిచిన ఫోటో అయినా, ఒక్కదాంట్లోనే పని జరిగిపోవాలి. ఏది ఎంచుకున్నా అన్ని చీరలకీ అదే పద్ధతి. ఎందుకంటే ఏది దేని పక్కన వస్తుందో మీకు తెలియదు. నిలువు ఫోటోలు ఇవ్వకండి, చదరంలోకి కత్తిరించినప్పుడు మొదట పోయేది కింది అంచే. మంగళగిరి చీరకి అంచు పోయాక ఇంకేం మిగులుతుంది?

మీవారి వీడియో మాట తీసెయ్యాల్సింది కాదు, చోటు మార్చాల్సింది. క్యారొసెల్‌లో ఒక కార్డుగా వీడియో పెట్టొచ్చు. మొదటే పెడితే చూసేవాళ్ళు అక్కడే ఆగి చూస్తారు, అయిపోయాక జరపకుండా కిందికి వెళ్ళిపోతారు. కదలిక వల్ల తెలిసేది ఏదో దానికి వీడియో వాడాలి. నా లెక్కలో అది నాలుగో కార్డు. పొర కింద చెయ్యి పెట్టి, గుడ్డని వేళ్ళ మీంచి జారవిడిచే ఆరేడు సెకన్లు. చీర ఎంత మెత్తగా పడుతుందో ఏ ఫోటో చూపించలేదు. పాట వెయ్యకపోయినా ఫర్వాలేదు, చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు.

ఇదంతా పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఆరు కార్డులతో ఒక యాడ్ చెయ్యండి. అదే కార్డులతో ఇంకోటి చేసి, అందులో రెండో కార్డునీ ఐదో కార్డునీ మాత్రం తారుమారు చెయ్యండి. మిగతాది ఏదీ ముట్టుకోవద్దు. రెంటినీ ఒకే యాడ్ సెట్‌లో పడేస్తే సిస్టమ్ తొందరపడి ఒకదానికే డబ్బంతా మళ్ళిస్తుంది. అందుకని ఏ/బీ టెస్ట్ అనే సదుపాయంతో సమానంగా పంచి రెండు వారాలు నడపండి. కొంగు కార్డు రెండులో ఉన్నా ఐదులో ఉన్నా క్లిక్కులు తెస్తోందంటే ఆ బలం ఫోటోది. రెండో చోట ఎవరు కూర్చుంటే వాళ్ళకే క్లిక్కులు వస్తున్నాయంటే ఆ బలం చోటుది, అప్పుడు అక్కడ మీ గట్టి ఫోటో ఉండాలి. ఒకదానికి 9, ఇంకోదానికి 12 వచ్చాయని తీర్పు చెప్పెయ్యకండి. అంత చిన్న తేడా ఉత్తినే వస్తుంది, వచ్చే వారం తిరగబడుతుంది. రెట్టింపు దగ్గర తేడా ఉండి, రెండు వారాలూ అటే మొగ్గితే నమ్మండి.

క్లిక్కుల కంటే నేను ఎక్కువ నమ్మేది ఒక నోటుపుస్తకాన్ని. ఫోటో మూలలో కోడ్ రాయమన్నాను కదా. పోస్టు నుంచి గానీ యాడ్ నుంచి గానీ స్క్రీన్‌షాట్ వచ్చినప్పుడల్లా అది ఏ కార్డుదో, కోడ్ ఎంతో, చివరికి కొన్నారో లేదో ఒక గీత గీసుకోండి. కొంగు ఫోటో స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళు, రంగుల మడతల స్క్రీన్‌షాట్ మీద ఒకదాని చుట్టూ గుండ్రంగా గీసి పంపేవాళ్ళు వేరు వేరుగా కనపడతారు. ఆ గీసి పంపేవాళ్ళు చివరి కార్డు దాకా వచ్చినవాళ్ళు. మూడు దాటి ఎవరైనా చూస్తున్నారా అన్న మీ అసలు ప్రశ్నకి లెక్క అక్కడ దొరుకుతుంది.